స్థిర వేగపు పంపు తోడే సంపుకు ట్యూనింగ్ లెక్కలు ఎందుకు వేరు

(ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్లు, నీటి పథకాల ఆపరేటర్లు, పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం నల్లగొండలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయేది మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది కాబట్టి, ఆ ప్రశ్నను ముందే మీ ముందు పెడతాను. ఒక తొట్టిలో నీటి మట్టం నిలకడగా ఉంది. కంట్రోలరును మాన్యువల్‌లో పెట్టి, లోపలికి నీరు వచ్చే వాల్వును ఐదు శాతం ఎక్కువ తెరిచి, ఇక దాన్ని ముట్టుకోకుండా చేతులు కట్టుకొని కూర్చున్నాం. మట్టం ఎక్కడికి వెళ్లి ఆగుతుంది?

ఎక్కడో ఒకచోట ఆగుతుందని కొందరు తలలు ఊపుతున్నారు. తొట్టి కింద నుంచి నీరు ఎలా బయటికి పోతున్నదో నేను ఇంకా చెప్పనేలేదు. అది చెప్పనంతవరకు ఈ ప్రశ్నకు జవాబు లేదు.

మన చెరువునే చూడండి. తూము తెరిచి ఉన్న చెరువులోకి వాగు నీరు కాస్త ఎక్కువగా వచ్చిందనుకుందాం. మట్టం పెరుగుతుంది, మట్టం పెరిగితే తూము మీద ఒత్తిడి పెరుగుతుంది, తూము గుండా పోయే నీరూ పెరుగుతుంది, చివరికి వచ్చే నీరు పోయే నీరు మళ్లీ సమానమై మట్టం కొత్త ఎత్తులో నిలబడుతుంది. అలుగు పారుతున్నప్పుడైతే ఈ పని ఇంకా గట్టిగా జరుగుతుంది, ఎందుకంటే అలుగు మీద నాలుగు అంగుళాలు నీరు లేస్తే చాలు, పోయే ప్రవాహం చాలా పెరుగుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే తనంతట తాను సర్దుకొనే ఇలాంటి ప్రక్రియను సెల్ఫ్ రెగ్యులేటింగ్ అంటారు. అదే చెరువుకు తూము, అలుగు రెండూ మూసేసి, ఒక మోటరు పెట్టి ఎప్పుడూ ఒకే లెక్కన నీరు తోడుతున్నామనుకోండి. మట్టం పెరిగిందో తగ్గిందో ఆ మోటరుకు పట్టదు. వచ్చేది పోయేదానికన్నా కాస్త ఎక్కువైతే ఆ తేడా చెరువులో పేరుకుంటూనే ఉంటుంది, ఆగదు. ఇది ఇంటిగ్రేటింగ్ ప్రక్రియ.

ఇప్పుడు చెరువును వదిలేసి అంకెలలోకి దిగుదాం. ఒక సంపు తీసుకుందాం. దాని అడుగు వైశాల్యం 20 చదరపు మీటర్లు, మట్టం కొలిచే ట్రాన్స్‌మిటరు పరిధి 3 మీటర్లు, అంటే సున్నా నుంచి నూరు శాతం దాకా పట్టే నీరు 60 ఘనపు మీటర్లు. లోపలికి వచ్చే వాల్వు పూర్తిగా తెరిస్తే నిమిషానికి 3 ఘనపు మీటర్లు వస్తాయి, తెరిచిన శాతాన్ని బట్టి ప్రవాహం సమంగా మారుతుందని అనుకుందాం. బయటికి పోయేది నిమిషానికి 1.8 ఘనపు మీటర్లు, అంటే గంటకు 108. కాబట్టి వాల్వు 60 శాతం దగ్గర ఉన్నప్పుడు లెక్క సరిపోతుంది. మట్టం 50 శాతం, అంటే మీటరున్నర ఎత్తులో ఉంది.

ఈ సంపుకు అడుగున మామూలు గొట్టం ఉండి, నీరు తన బరువుతో తాను పోతున్నదనుకుందాం. వాల్వును 60 నుంచి 65కు తెరిస్తే ప్రవాహం 1.8 నుంచి 1.95 అవుతుంది. గొట్టం నుంచి పోయే నీరు మట్టం వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అంత నీరు బయటికి పోవాలంటే మట్టం 1.5 మీటర్ల నుంచి దాదాపు 1.76 మీటర్లకు చేరాలి. అక్కడికి చేరి, ఆగుతుంది. ఈ మార్పుకు కాల స్థిరాంకం సుమారు 33 నిమిషాలు. రెండు మూడు గంటల్లో ట్రెండులో గీత చదునుగా అయిపోతుంది.

అదే సంపుకు గొట్టం తీసేసి, గుట్ట మీది రిజర్వాయరుకు నీరు ఎక్కించే స్థిర వేగపు పంపు పెట్టాం. అదే 60 నుంచి 65. నిమిషానికి 0.15 ఘనపు మీటర్లు అదనంగా వస్తున్నాయి, దాన్ని 20తో భాగిస్తే మట్టం నిమిషానికి ఏడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే 0.25 శాతం. పది నిమిషాలకు రెండున్నర శాతం, గంటకు పదిహేను శాతం, రెండు వందల నిమిషాలకు ట్రాన్స్‌మిటరు నూరు చూపిస్తుంది, ఆ తరువాత నీరు పైనుంచి పొంగుతుంది. ఆగే చోటంటూ లేదు.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా గమనించండి. గొట్టం ఉన్న సంపులో కూడా మొదటి నిమిషంలో మట్టం పెరిగే వేగం అదే 0.25 శాతం. సంపు అదే, అదనపు నీరు అదే, మొదట్లో తేడా ఎందుకుంటుంది? మొదటి ఐదు నిమిషాల ట్రెండు చూసి ఇది ఏ రకమో ఎవరూ చెప్పలేరు. తేడా బయటపడేది తరువాత, ఒకదాని గీత వంగడం మొదలైనప్పుడు, రెండోది వంగకుండా అలాగే సాగుతున్నప్పుడు.

పంపు నిజంగా మట్టాన్ని పట్టించుకోదా అని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. సెంట్రిఫ్యూగల్ పంపే కదా, సంపులో మట్టం పెరిగితే అది ఎత్తాల్సిన ఎత్తు అంత మేర తగ్గుతుంది, ప్రవాహం కొద్దిగా పెరుగుతుంది. నిజమే. కానీ పంపు ఎత్తుతున్నది నలభై యాభై మీటర్లు, అందులో ఒక మీటరు తగ్గితే గంటకు 108 ఉన్నది 110 అయిందనుకుందాం. మన ఐదు శాతం వాల్వు వల్ల వచ్చే అదనపు నీరు గంటకు 9 ఘనపు మీటర్లు. మీటరుకు రెండు చొప్పున అది సర్దుబాటు కావాలంటే మట్టం నాలుగున్నర మీటర్లు పెరగాలి, మన సంపు ఎత్తు మూడు మీటర్లు. పుస్తకం ప్రకారం అది కూడా సెల్ఫ్ రెగ్యులేటింగే, పది గంటల కాల స్థిరాంకంతో. కాకపోతే అది ఆగాల్సిన చోటు సంపు బయట ఉంది. అందుకని మనం దాన్ని ఇంటిగ్రేటింగ్ అనే లెక్కిస్తాం.

దీనివల్ల వాల్వు విషయంలో ఏం మారింది? గొట్టం ఉన్న సంపులో ప్రతి మట్టానికీ ఒక వాల్వు స్థానం ఉంది. 50 శాతం మట్టానికి 60, దాదాపు 59 శాతం మట్టానికి 65. పంపు ఉన్న సంపులో మట్టం 20 అయినా, 50 అయినా, 80 అయినా వాల్వు నిలవాల్సిన చోటు ఒక్కటే, అది 60. మట్టాన్ని పెంచాలంటే వాల్వును కాసేపు తెరిచి, మళ్లీ అదే 60కి తీసుకురావాలి. ట్యూనింగ్ తేడాలన్నీ ఇందులోనుంచే వస్తాయి. ఆపరేటర్లు కూడా ఇది గుర్తు పెట్టుకోవాలి. మాన్యువల్‌లో వాల్వును 60 బదులు 60.5 దగ్గర వదిలేస్తే గంటకు ఒకటిన్నర శాతం చొప్పున, ఎనిమిది గంటల షిఫ్టులో పన్నెండు శాతం మట్టం జరుగుతుంది. గొట్టం సంపును మాన్యువల్‌లో వదిలి పోవచ్చు. దీన్ని వదలకూడదు.

ఇప్పుడు కంట్రోలరు దగ్గరికి వద్దాం. పీఐ కంట్రోలరులో రెండు భాగాలున్నాయి. ప్రపోర్షనల్ భాగం ఇప్పుడు ఉన్న తేడాను చూసి వాల్వును కదుపుతుంది. ఇంటిగ్రల్ భాగం గడచిన తేడానంతా కూడబెట్టి, తేడా సున్నా అయ్యేదాకా వాల్వును నెడుతూనే ఉంటుంది. గొట్టం సంపులో ఈ కూడబెట్టే పని చేసేది కంట్రోలరు ఒక్కటే. పంపు సంపులో సంపు కూడా కూడబెడుతున్నది. ఒకే లూపులో ఇద్దరు కూడబెట్టేవాళ్లు, ఒకరి వెనుక ఒకరు. అసలు చిక్కు అదే.

ఏం జరుగుతుందో మెల్లగా ఒక చుట్టు తిరిగి చూద్దాం. మట్టం సెట్‌పాయింటు కన్నా పైకి పోయింది. ఇంటిగ్రల్ భాగం వాల్వును మూస్తూ పోతుంది. వాల్వు 60కి చేరిన క్షణంలో వచ్చేది పోయేది సమానం, కాబట్టి మట్టం పెరగడం ఆగుతుంది. కానీ అప్పుడు మట్టం ఎక్కడుంది? శిఖరం మీద, సెట్‌పాయింటుకు అత్యంత దూరంగా. కంట్రోలరు ఊరుకుంటుందా? ఊరుకోదు. తేడా ఇంకా ఉంది కాబట్టి వాల్వును 60 కన్నా కిందికి, 55కు, 50కి మూస్తూ పోతుంది. మట్టం దిగి సెట్‌పాయింటుకు చేరేసరికి వాల్వు మూసుకుపోయి ఉంటుంది, కాబట్టి మట్టం అక్కడ ఆగకుండా కిందికి దాటిపోతుంది. మళ్లీ అదే కథ తలకిందులుగా. ఈ ఊగిసలాటను ఆపగలిగింది ప్రపోర్షనల్ భాగం ఒక్కటే. మట్టం దిగుతున్నప్పుడు, తేడా తగ్గుతున్నదని గ్రహించి వాల్వును ముందుగానే వెనక్కి తెరిచేది అదే.

గెయిన్ 0.6, ఇంటిగ్రల్ కాలం 2 నిమిషాలు అని ఎవరో పెట్టారనుకుందాం. ఫ్లో లూపుల నుంచి తెచ్చిన అలవాటుతో ఇలాంటి అంకెలు పెట్టడం మామూలే. మన పంపు సంపులో ఈ అంకెలతో మట్టం సుమారు 52 నిమిషాలకు ఒక ఊపు చొప్పున ఊగుతుంది, ప్రతి శిఖరం దాని ముందటి శిఖరంలో దాదాపు సగం ఉంటుంది. ఊగుతున్నదని చూసిన వెంటనే మన చేయి ఎక్కడికి పోతుంది? గెయిన్ మీదికి. లూపు ఊగితే గెయిన్ తగ్గించు, మనందరికీ నేర్పింది అదే కదా. 0.6ను 0.3 చేశాం. ఏమైంది? ఊపు 52 నిమిషాల నుంచి 73 నిమిషాలకు సాగింది, ప్రతి శిఖరం ముందటి దానిలో 58 శాతం ఉంది. అంటే ఇంకా నెమ్మదిగా, ఇంకా ఎక్కువసేపు ఊగుతున్నది. గెయిన్ తగ్గించి మనం తీసేసింది ఊపును ఆపే ఆ ఒక్క చేతినే. గొట్టం సంపులో ఇవే అంకెలు పెడితే సంపు తానే ఊపును కొంత అణిచేది, గెయిన్ తగ్గించినా పరిస్థితి చెడేది కాదు. అక్కడ నేర్చుకున్న అలవాటు ఇక్కడ సరిగ్గా తిరగబడుతుంది.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. ఇది ఒక్కటి రాసుకోండి:

```
Kc × Ti × ki ≥ 4
```

ఇందులో `Kc` గెయిన్, `Ti` నిమిషాల్లో ఇంటిగ్రల్ కాలం, `ki` సంపు పేరుకునే రేటు, అంటే వాల్వు ఒక శాతం మారితే మట్టం నిమిషానికి ఎన్ని శాతాలు జరుగుతుందో ఆ అంకె. మన సంపుకు అది 0.05. లబ్ధం నాలుగు కన్నా తగ్గితే ఊపు మొదలవుతుంది, ఎంత తగ్గితే అంత ఎక్కువ. ఇందాకటి అంకెలతో లబ్ధం 0.06. నాలుగు ఎక్కడ, 0.06 ఎక్కడ? రెండు నిమిషాల ఇంటిగ్రల్‌ను అలాగే ఉంచాలంటే గెయిన్ 40 పెట్టాలి, అప్పుడు నీటి అలలకే వాల్వు అదిరిపోతుంది. గొట్టం సంపుకు సరిపోయే లెక్కను, అంటే ఇంటిగ్రల్ కాలం ప్రక్రియ కాల స్థిరాంకంతో సమానంగా 33 నిమిషాలు, గెయిన్ 0.6 అని తెచ్చి పెట్టినా లబ్ధం ఒకటి మాత్రమే అవుతుంది. గొట్టం సంపులో ఆ అంకెలతో అసలు ఊపే రాదు, ఇక్కడ మాత్రం వస్తుంది. పైగా కాల స్థిరాంకమే లేని ప్రక్రియకు దాన్ని ఇంటిగ్రల్ కాలంగా పెట్టమంటే దేన్ని తెచ్చి పెట్టాలి?

అందుకే ఇక్కడ మొదలుపెట్టాల్సిన చోటు వేరు. ఏదో ఒక అలజడి వచ్చినప్పుడు, మట్టం దూరం జరగడం ఎన్ని నిమిషాల్లో ఆగాలి అని ముందుగా మనం నిర్ణయించాలి. దాన్ని లాంబ్డా అంటారు. ఆలస్యం చాలా తక్కువగా ఉన్నప్పుడు లెక్క ఇంత తేలిక:

```
Kc = 2 / (ki × λ)
Ti = 2 × λ
```

ఈ రెండింటినీ గుణించి చూడండి, లబ్ధం ఎప్పుడూ నాలుగే వస్తుంది. లాంబ్డా 20 నిమిషాలు తీసుకుంటే గెయిన్ 2, ఇంటిగ్రల్ కాలం 40 నిమిషాలు. నలభై నిమిషాలా అని ఎవరో నవ్వుతున్నారు, పర్వాలేదు, మొదటిసారి విన్న ప్రతివారికీ అది ఎక్కువగానే అనిపిస్తుంది. ఇప్పుడు ఒక పరీక్ష పెడదాం. రెండో లైను నుంచి నిమిషానికి 0.6 ఘనపు మీటర్లు ఉన్నట్టుండి సంపులో పడటం మొదలైంది, అంటే వాల్వు లెక్కలో 20 శాతం. మొదట మట్టం నిమిషానికి ఒక శాతం చొప్పున పెరుగుతుంది, ఇరవై నిమిషాలకు 7.4 శాతం దగ్గర, అంటే 22 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి ఊగకుండా దిగుతూ వచ్చి, వంద నిమిషాలకు సెట్‌పాయింటుకు ఒక శాతం లోపు చేరుతుంది. 22 సెంటీమీటర్లు మీ సంపుకు ఎక్కువ అనిపిస్తే లాంబ్డా పది తీసుకోండి. గెయిన్ 4, ఇంటిగ్రల్ 20 నిమిషాలు, జరుగుబాటు 11 సెంటీమీటర్లు. ఒకటి మారిస్తే రెండోది కూడా మార్చాలి, అదీ ఎదురు దిశలో. గెయిన్ సగం చేస్తే ఇంటిగ్రల్ కాలాన్ని రెట్టింపు చేయాలి.

నా అభిప్రాయం అడిగితే, చాలా చోట్ల ఇలాంటి సంపును అవసరానికి మించి గట్టిగా పట్టుకుంటారు. సంపు కట్టిందే ఎగువ ప్రవాహంలో హెచ్చుతగ్గులను మింగడానికి. మట్టాన్ని గీత గీసినట్టు నిలిపితే ఆ హెచ్చుతగ్గులన్నీ వాల్వు మీదుగా ఎగువ ఫిల్టర్ల మీద పడతాయి.

ఇంకో సంగతి. సెట్‌పాయింటును మార్చినప్పుడు ఈ సంపు కొంచెం దాటి వెళ్లి వెనక్కి వస్తుంది. దాన్ని ట్యూనింగ్ లోపం అనుకొని అంకెలు మార్చకండి. ఎందుకు దాటుతుందో చూడండి: వాల్వు చివరికి మళ్లీ 60కే రావాలి, అంటే ఇంటిగ్రల్ భాగం మొదట కూడబెట్టినదంతా వెనక్కి ఇచ్చేయాలి, వెనక్కి ఇవ్వాలంటే తేడా కొంతసేపు అవతలి గుర్తులో ఉండాలి. కాబట్టి దాటక తప్పదు. మన ట్యూనింగ్‌తో అది మార్పులో 13.5 శాతం. సెట్‌పాయింటును పది శాతం పెంచితే మట్టం 20 నిమిషాలకు అక్కడికి చేరి, 40వ నిమిషానికి 1.35 శాతం దాటి, మెల్లగా వెనక్కి వస్తుంది. అది కూడా వద్దనుకుంటే సెట్‌పాయింటును ఒక్కసారిగా కాకుండా ర్యాంపుగా మార్చండి.

మరి ఇంటిగ్రల్‌ను పూర్తిగా తీసేస్తే? చాలా సంపులకు అది మంచి ఆలోచనే. గెయిన్ 2 ఉంచి, బయాస్ 60 పెట్టి, ప్రపోర్షనల్ మాత్రమే నడిపితే, సెట్‌పాయింటు మార్చినా మట్టం సరిగ్గా అక్కడికే చేరుతుంది, దాటదు. గొట్టం సంపులో ఇది కుదరదు, అక్కడ కొత్త మట్టానికి కొత్త వాల్వు స్థానం కావాలి. పంపు సంపులో లోపం కనిపించేది అలజడి వచ్చినప్పుడే. ఇందాకటి 20 శాతం అలజడికి మట్టం పది శాతం పక్కన నిలబడుతుంది. ముప్పై సెంటీమీటర్లు. పొంగకుండా, పంపు గాలి పీల్చకుండా ఉంటే చాలు అనుకునే సంపుకు అది సమస్యే కాదు.

సైటులో ఈ 0.05 అంకెను ఎలా తెచ్చుకోవాలో చెప్తాను. మట్టం నిలకడ కోసం ఎదురు చూడకండి, ఈ సంపులో అది రాదు. మాన్యువల్‌లో పెట్టి, పది నిమిషాలు వాలు చూడండి, నిమిషానికి 0.05 శాతం దిగుతున్నదనుకుందాం. వాల్వును ఐదు శాతం తెరిచి మళ్లీ వాలు చూడండి, ఇప్పుడు నిమిషానికి 0.20 ఎక్కుతున్నది. తేడా 0.25, దాన్ని ఐదుతో భాగిస్తే 0.05. తరువాత వాల్వును మరచిపోకుండా వెనక్కి పెట్టండి. డ్రాయింగు మీది కొలతలతో కూడా సరిచూసుకోండి. వాల్వు పూర్తిగా తెరిచి, పంపు ఆపితే సంపు 20 నిమిషాల్లో నిండుతుంది, ఇరవైలో ఒకటో వంతు 0.05. రెండు జవాబులూ దగ్గరగా రాకపోతే వాల్వు పరిమాణాన్నో, ట్రాన్స్‌మిటరు పరిధినో అనుమానించాలి.

అంకెలు సరిగ్గా పెట్టినా ఊపు పోకపోతే కంట్రోలరును మాన్యువల్‌లో పెట్టండి. ఊపు ఆగి, మట్టం నేరుగా ఏదో ఒక దిక్కు జారితే తప్పు మన లూపులో ఉంది, అప్పుడు వాల్వు లింకేజీలో వదులు ఉందేమో చూడండి. ఇద్దరు కూడబెట్టేవాళ్లున్న లూపులో వదులు వాల్వు ఒక్కటి చాలు, ఊపు ఎప్పటికీ చావదు. మాన్యువల్‌లో కూడా ఊగుతూనే ఉంటే ఊపు ఎగువ నుంచి వస్తున్నది, మన కంట్రోలరును వదిలేయండి.

కంట్రోలరు ఏ ప్రమాణాల్లో అడుగుతుందో కూడా చూసుకోండి. గెయిన్ బదులు ప్రపోర్షనల్ బ్యాండు అడిగితే 2కు 50 శాతం. ఇంటిగ్రల్‌ను సెకన్లలో అడిగితే 40 నిమిషాలు 2400 అవుతుంది. నిమిషానికి రిపీట్లు అడిగితే 0.025. అక్కడ 40 అని కొడితే ఏమవుతుందో ఊహించుకోండి.

మిర్యాలగూడ రైస్ మిల్లులో బాయిలర్ చూసుకునే ఒక తమ్ముడు, డ్రమ్ము మట్టానికి కూడా ఇదే లెక్కా అని అడిగాడు. ఆవిరి ఎంత పోవాలో మిల్లు నిర్ణయిస్తుంది, డ్రమ్ము మట్టం కాదు, కాబట్టి అదీ ఇంటిగ్రేటింగే. కానీ దానికి ఇంకొక గుణం ఉంది. ఆవిరి వాడకం ఒక్కసారిగా పెరిగితే ఒత్తిడి పడి, నీటిలోని బుడగలు ఉబ్బి, లోపల నీరు తగ్గుతున్నా మట్టం మొదట పైకి లేస్తుంది. చల్లటి ఫీడు నీరు పోస్తే బుడగలు కుంచించుకుపోయి, నీరు పెరుగుతున్నా మట్టం మొదట దిగుతుంది. కంట్రోలరు ఆ తప్పుడు కదలికను నమ్మి ఎదురు పని చేయకుండా ఉండాలంటే, లాంబ్డాను ఆ తిరకాసు ఉండే సమయం కన్నా బాగా ఎక్కువ తీసుకోవాలి. దానితో సరిపోకపోతే ఆవిరి ప్రవాహాన్ని కొలిచి, ఫీడు నీటిని దానితో పాటే కదపాలి. ఫీడు పంపు మట్టం స్విచ్చుతో ఆన్, ఆఫ్ అయ్యే చిన్న బాయిలర్ అయితే ఈ ట్యూనింగ్ ప్రశ్నే రాదు. అక్కడ చూడాల్సింది స్విచ్చు రెండు మట్టాల మధ్య దూరం, పంపు గంటకు ఎన్నిసార్లు స్టార్ట్ అవుతున్నదో ఆ లెక్క.